ఊరు మారితే సీటు పోవాలా?

ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన కదిలింది మాత్రం హైకోర్టు మందలించాక, 2022-23 విద్యా సంవత్సరంలో. తెలంగాణలోనైతే రాష్ట్రం ఏర్పడిన తొలి పదేళ్లూ దాని ఊసే లేదు. ఆలస్యంగానైనా ఆంధ్రప్రదేశ్‌లో ఏటా నోటిఫికేషన్ వస్తోంది, సచివాలయాల్లో దరఖాస్తులు తీసుకుంటున్నారు, లాటరీ తీసి సీట్లు ఇస్తున్నారు. అంతవరకు మేలే. అయితే ఈ పద్ధతి మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: పేద కుటుంబానికి డబ్బు లేకపోవచ్చు గానీ చిరునామా ఉంటుందన్నది ఆ ఊహ. పొట్ట చేతపట్టుకుని ఊరు దాటిన కుటుంబాల దగ్గర అది తప్పుతోంది. ప్రవేశాల నిబంధనలను వలస పిల్లలకు వర్తించేలా వెంటనే మార్చాలి.

సీటు ఎలా వస్తుందో ముందు చూద్దాం. నూటికి 25 సీట్లలో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5, బీసీ, మైనారిటీ, ఓసీ వర్గాల్లోని బలహీనులకు ఆదాయ పరిమితికి లోబడి 6 కేటాయించారు. మొదట బడికి కిలోమీటరు లోపు ఉన్నవాళ్లను, సీట్లు మిగిలితే మూడు కిలోమీటర్ల లోపు వాళ్లను తీసుకుంటారు. ఇంటికీ బడికీ మధ్య దూరమే తొలి అర్హత కాబట్టి ఇల్లెక్కడో రుజువు చూపాలి. అందుకు ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, ఇలా చాలా పత్రాలను అంగీకరిస్తారు. జాబితా చూస్తే ఉదారంగానే కనిపిస్తుంది.

విజయనగరం జిల్లా పల్లె నుంచి విశాఖపట్నం వచ్చి ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా కుదిరిన వ్యక్తి ఉన్నాడనుకుందాం. ఇలాంటి కుటుంబాలు ప్రతి నగరంలోనూ వీధికొకటి కనిపిస్తాయి. సెల్లారులో మెట్ల పక్క గది ఇచ్చారు. భార్య నాలుగు ఫ్లాట్లలో పనిచేస్తుంది. బిడ్డకు ఐదేళ్లు నిండాయి, అర కిలోమీటరు దూరంలో ప్రైవేటు బడి ఉంది. ఇక పత్రాలు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, జాబ్ కార్డు నాలుగూ పల్లె చిరునామాతోనే ఉన్నాయి. రేషన్ కార్డు మార్చుకుంటే ఊళ్లో ముసలి తల్లిదండ్రుల పేర్లు ఏమవుతాయోనని భయం. గదికి అద్దె లేదు, కాబట్టి ఒప్పందం లేదు. కరెంటు మీటరు అపార్ట్‌మెంట్ సంఘం పేరున ఉంది. ఉత్తరం రాసివ్వమంటే సంఘం కార్యదర్శి తటపటాయిస్తాడు, రేపు గది ఖాళీ చేయమన్నప్పుడు ఆ కాగితమే అడ్డొస్తుందేమోనని. మూడేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్న కుటుంబం కాగితం మీద మాత్రం వంద కిలోమీటర్ల అవతల ఉంది. పల్లె చిరునామాతో దరఖాస్తు పెడితే పల్లె దగ్గరి బడి వస్తుంది, పట్నం చిరునామాకు రుజువు లేదు. ఇక్కడ ఎవరూ చట్టాన్ని ఉల్లంఘించలేదు. ప్రతి ఒక్కరూ నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. బిడ్డకు సీటు మాత్రం రాలేదు.

ఇదే కుటుంబం రేషన్ బియ్యం మాత్రం విశాఖలోనే తీసుకోగలదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2022 నాటికి దేశమంతా అందులో చేరింది. బియ్యం మనిషి వెంట కదలడానికి వీలుకల్పించిన ప్రభుత్వానికి బడి సీటు విషయంలో అదే పని చేతకాదంటే నమ్మలేం. తలచుకోలేదన్నదే నిజం.

రాష్ట్రం దాటి వచ్చినవాళ్ల సంగతి మరీ అన్యాయం. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి ఏటా వేల కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తాయి. వానలు తగ్గాక వచ్చి, మళ్లీ వానలు పడేలోపు వెళ్తాయి. వారిలో ఆదివాసులు, దళితులు ఎక్కువ. అయితే ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రం దాటితే చెల్లదు. తెనాలిలో పుట్టి మహారాష్ట్రలో పెరిగిన ఒక ఎస్టీ విద్యార్థికి వైద్య సీటు విషయంలో సుప్రీంకోర్టు 1990లో చెప్పింది ఇదే. మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన తీర్పు అది. ఉద్యోగాలు, వైద్య సీట్ల పంపకంలో ఆ వాదనకు బలం ఉండవచ్చు. కానీ ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతి దగ్గర అదే గోడ అడ్డం వస్తే? ఒడిశాలో ఎస్టీ అయిన బిడ్డ ఇక్కడ ఎస్టీ కోటాలోకి రాదు. పోనీ బలహీన వర్గమంటే ఇక్కడి తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం కావాలి, దానికి ఇక్కడి నివాసం కావాలి. అందరికంటే నిరుపేద బిడ్డ ఏ గడిలోనూ ఇమడదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం రెండో సెక్షన్ అననుకూల వర్గాలను నిర్వచిస్తూ ఎస్సీ, ఎస్టీల పేర్లతో ఆగిపోలేదు. సామాజిక, ఆర్థిక, భౌగోళిక, భాషాపరమైన కారణాల వల్ల వెనుకబడిన మరే సమూహాన్నయినా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో చేర్చవచ్చని చెప్పింది. భాష తెలియని ఊళ్లో, గుర్తింపు లేని చోట, కూలి మీద బతికే కుటుంబానికి ఈ మాటలు అతికినట్టు సరిపోతాయి. అదే చట్టం తొమ్మిదో సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని రాసింది. తల్లిదండ్రులు కాగితాలు పట్టుకుని తిరగాలని చట్టం అనలేదు. పంచాయతీ, మునిసిపాలిటీలే వెతికి చేర్పించాలంది. ఏ మునిసిపాలిటీ దగ్గరైనా తన పరిధిలోని వలస పిల్లల జాబితా ఉందా అని అడిగి చూడండి.

గడువు విషయం వేరే చిక్కు. ఈ దరఖాస్తులు వేసవికి కాస్త ముందో వేసవిలోనో కొద్ది వారాల పాటు తీసుకుంటారు. కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతాల నుంచి గుంటూరు, పల్నాడు మిరప కోతలకు వెళ్లే కుటుంబాల సంగతి చూడండి. పైరు చేతికొచ్చినా రాకపోయినా పంటకాలం ముగిసీ ముగియగానే మేస్త్రీ బండి వస్తుంది, తాళం వేసి పిల్లలతో సహా వెళ్తారు. నోటిఫికేషన్ వెలువడే రోజుల్లో వాళ్లు ఏ చేను గట్టునో డేరాలో ఉంటారు. ఊళ్లో సచివాలయం గోడకు అంటించిన కాగితం వాళ్లెలా చదవాలి?

ప్రభుత్వ బడుల్లో పరిస్థితి చట్టం దృష్టిలో చాలా నయం. గడువు దాటినా చేర్చుకోవాలి, జనన ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు, టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు, టీసీ ఇవ్వడంలో జాప్యం చేసిన ప్రధానోపాధ్యాయుడి మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఇవన్నీ 2009 నాటి చట్టంలోనే ఉన్నాయి. ఇప్పుడు అడ్డొస్తున్నది కంప్యూటరు. యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ నంబరు ఉంటుంది. పాత బడి ఆ పేరును విడిచిపెడితే అది డ్రాప్‌బాక్సులోకి వెళ్తుంది, కొత్త బడి అక్కడి నుంచి తీసుకుంటుంది. పేరు పాత బడిలోనే చురుగ్గా ఉంటే కొత్త బడి అభ్యర్థన పంపి ఎదురుచూడాలి. ఊళ్లో పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు పోతుందన్న బెంగతో పాత బడి ఆ పేరును పట్టుకుని కూర్చుంటే ఆ ఉపాధ్యాయుణ్ణి నిందించి లాభం లేదు, పోస్టులను తలల లెక్కకు ముడిపెట్టినవాళ్లే దీనికి కారణం. కొత్త బడిలో పిల్ల తరగతిలో కూర్చుంటుంది, మధ్యాహ్న భోజనం కూడా చేస్తుంది. పోర్టల్‌లో పేరు లేదు కాబట్టి పుస్తకాలు, యూనిఫాం ఆ లెక్కలో రావు. అభ్యర్థన పంపిన వారంలోగా పాత బడి స్పందించకపోతే పేరు దానంతటదే విడుదలయ్యేలా చేయాలి.

ప్రైవేటు యాజమాన్యాల అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఈ సీట్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో నిర్ణయించిన ఫీజు ఏడాదికి పట్టణాల్లో 8,000 రూపాయలు, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. అది చాలదని కోర్టుకెక్కారు. పైగా అప్పట్లో ఆ ఫీజును తల్లికి వచ్చే అమ్మఒడి సొమ్ములోంచి కట్టాలన్నారు. అమ్మఒడికేమో 75 శాతం హాజరు షరతు ఉండేది. మూడు నెలలు మిరప చేలో గడిపే పిల్లకు ఆ హాజరు ఎక్కడిది? హాజరు లేక సొమ్ము వచ్చేది కాదు, సొమ్ము రాక ఫీజు బకాయి, బకాయి ఉందని బడిలో చిన్నచూపు. పిల్లల ఫీజు ప్రభుత్వమే నేరుగా బడికి చెల్లించాలి, ఏడాది తిరగకముందే చెల్లించాలి. అది చేయకుండా మధ్యలో వచ్చిన వలస పిల్లలను చేర్చుకోమని యాజమాన్యాలకు చెప్పే నైతిక హక్కు ప్రభుత్వానికి ఉండదు.

నాలుగు నెలల్లో వెళ్లిపోయే పిల్లకు ప్రైవేటు సీటెందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో కొంత నిజముంది. కోతలకు వెళ్లే కుటుంబాల పిల్లలకు సొంతూళ్లో సీజనల్ హాస్టళ్లు నడపడమే మంచి దారి. కర్నూలు జిల్లాలో అవి ఉన్నాయి, వాటిని వలస మొదలయ్యాక కాకుండా ముందే తెరిస్తే చాలామంది పిల్లలు ఊళ్లోనే ఆగుతారు. కానీ విశాఖ వాచ్‌మన్ కుటుంబం ఎక్కడికీ వెళ్లదు. విజయవాడలో తాపీ పనిచేసేవాళ్లూ అంతే. వలస అనగానే ఇటుక బట్టీయే కళ్లముందు మెదలడం వల్ల నగరంలో స్థిరపడి కాగితం మాత్రం లేని ఈ పెద్ద సమూహం విధానకర్తల కంటికి ఆనడం లేదు. 25 శాతం సీటు ముందుగా చేరవలసింది వీళ్లకే.

ప్రభుత్వం చేయవలసిన పని పెద్దదేమీ కాదు. వలస కుటుంబాల పిల్లలను అననుకూల వర్గంగా నోటిఫై చేయాలి. ఏ రాష్ట్రం కులపత్రమని అడగకుండా, కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు గానీ ఈ-శ్రమ్ నమోదు గానీ చూసి ఆ వర్గంలో చేర్చాలి. చిరునామాకు పత్రం లేనప్పుడు వార్డు సచివాలయ ఉద్యోగి ఇంటికి వెళ్లి చూసి రాసిన నివేదికను రుజువుగా అంగీకరించాలి, ఇంటి యజమాని సంతకం అడగకూడదు. వేసవి లాటరీలో మిగిలిన సీట్లను మూసేయకుండా దసరా సెలవుల తర్వాత రెండో విడత దరఖాస్తులు తీసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం ఈ నిబంధన అమలుకు పూనుకున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ చేసిన పొరపాటును అచ్చుగుద్దినట్టు దించుకోవద్దు. వచ్చే విద్యా సంవత్సరం నోటిఫికేషన్ వెలువడేలోగా ఈ సవరణలతో జీవో రావాలి. విద్యాశాఖ మంత్రి ఇంకో కోర్టు ఆదేశం కోసం ఎదురుచూడకూడదు.