గొంతు ఎవరిది, తాళంచెవి ఎవరిది

మతంలో ఆడవాళ్ళ నాయకత్వం గురించి డిగ్రీ తరగతిలో చర్చ పెడితే పావుగంటలో అది శబరిమల దగ్గరికి చేరి, అక్కడే తిరుగుతుంది. ఒకరు హక్కు అంటారు, ఇంకొకరు ఆచారం అంటారు. గంట మోగుతుంది. ఈసారి చర్చను మన పడమటి కొండల నుంచి మొదలుపెట్టమని అధ్యాపక మిత్రులకు మనవి. పలాస నుంచి మందస, మెళియాపుట్టి వైపు వెళితే మహేంద్రగిరి పరిసరాల్లో సవర గూడేలున్నాయి. సరిహద్దుకు ఇవతల మనవాళ్ళు, అవతల ఒడిశావాళ్ళు, మాట్లాడే సవర భాష ఒక్కటే. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి పట్టుబట్టి నేర్చుకున్న భాష అదే.

ఆ సమాజంలో మతం పని రెండు చేతుల్లో ఉండేది. ఒకరు బుయ్య. ఇతను మగవాడు, వంశపారంపర్య పూజారి. రెండోవారు కురన్. పితరులతో మాట్లాడే పని కురన్‌ది, ఆడమనిషైతే కురన్‌బోయి. ఈ పని మగవాళ్ళూ చేసేవారు గానీ చావుకు సంబంధించిన పెద్ద కర్మలు నడిపేవాళ్ళలో ఆడవాళ్ళదే పైచేయి. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన సవరల మతం పుస్తకంలోనూ, 1970ల నుంచి ఒడిశా సవర గూడేల్లో ఉండి పరిశోధించిన పియర్స్ విటెబ్‌స్కీ రచనల్లోనూ దీని వివరాలు విస్తారంగా ఉన్నాయి.

ఇంట్లో ఒకరికి జబ్బు చేసిందనుకోండి. ఏ పితరుడో పట్టుకున్నాడని అనుమానం. కురన్‌బోయి వచ్చి కాళ్ళు చాపుకుని నేలమీద కూర్చుంటుంది. దీపం వెలిగిస్తారు. చేటలో బియ్యం పోసుకుని అరచేత్తో రుద్దుతూ, తనకు ముందు ఈ పని చేసి చనిపోయిన కురన్‌బోయిలను పాటతో పిలుస్తుంది. పాట ఆగుతుంది, తల వాలుతుంది, కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోతాయి. పక్కవాళ్ళు బలంగా వంచి సడలిస్తారు. ఆమె ప్రాణం పాతాళానికి దిగిపోయిందనీ, ఖాళీ అయిన ఒంట్లోకి చనిపోయినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వస్తారనీ నమ్మకం. వచ్చిన తాత కల్లు అడుగుతాడు, కోడి అడుగుతాడు. నన్ను మరిచిపోయారని నిష్ఠూరమాడతాడు. ఎదుట కూర్చున్న కొడుకులూ కూతుళ్ళూ ఊరుకోరు. వాదిస్తారు, ఏడుస్తారు, బేరమాడతారు, పొలం తగాదా కూడా మధ్యలోకి లాగుతారు. ఎప్పటికో ఒక ఒప్పందం కుదురుతుంది. ఆమె కళ్ళు తెరిచేసరికి ఏం జరిగిందో పక్కవాళ్ళే చెప్పాలి.

ఈ పని ఆమె దరఖాస్తు పెట్టి సంపాదించుకున్నది కాదు. చిన్నప్పుడే కలల్లో పాతాళలోకపు వరుడు వచ్చి పెళ్ళాడమంటాడు. ఒప్పుకోకపోతే జబ్బూ మతిభ్రమణం తప్పవంటారు. ఒప్పుకుంటే కింద ఒక సంసారం, పైన ఒక సంసారం. చాలాసార్లు ఈ పని ఇంటి ఆడవాళ్ళలోనే మేనత్త నుంచి మేనకోడలికి వచ్చేది. మగ పెద్దల అనుమతి అక్కర్లేని వారసత్వం ఇది.

ఇంత చదివి, ఇదిగో స్త్రీ నాయకత్వం అని విద్యార్థి చప్పట్లు కొట్టబోతే ఒక్క నిమిషం ఆపండి. గొంతు ఆమెది, మాట మాత్రం పితరులది. తాను అక్కడ లేకుండా పోవడమే ఆమె అధికారానికి మూలం. ఊరి పెత్తనం గమాంగులనే గ్రామపెద్దలదీ బుయ్యలదీ, అంటే మగవాళ్ళది. ఆమె నోట వచ్చిన మాటకు ఊరంతా తలవంచుతుంది. తెల్లారాక రచ్చబండ దగ్గర ఆమె తన పేరున చెప్పే మాటకు అంత బరువుండదు. అలాగని ఆమెది వట్టి నోరేనని కొట్టిపారేయనూ లేం. ఏ పితరుణ్ణి పిలవాలో, తగాదాను ఎక్కడ చల్లార్చాలో తెలిసిన నేర్పు ఎవరిది? చర్చ నడవవలసింది ఇక్కడే.

తరవాత ఈ కొండల్లోకి బాప్టిస్టు సంఘం వచ్చింది. కెనడా మిషనరీలు ఒడిశాలో సెరంగో కేంద్రంగా సవరల మధ్య పనిచేశారు. విటెబ్‌స్కీ కొన్ని దశాబ్దాల తరవాత తిరిగి వెళ్ళేసరికి యువతరంలో చాలామంది క్రైస్తవులయ్యారు. పుస్తకం చదివి ప్రసంగించే పాస్టర్లు మగవాళ్ళు. ముసలి కురన్‌బోయి దగ్గర పాట నేర్చుకునే పిల్ల లేదు. ఆడవాళ్ళ చేతిలో ఉన్న ఒక పెద్ద పని కొత్త మతంలో మాయమైంది.

ఇది నష్టమే గదా అంటే, మతం మారినవాళ్ళ మాట కూడా వినాలి. కర్మలకు దున్నపోతులు కొనలేక అప్పులపాలయ్యేవాళ్ళం అంటారు. చనిపోయినవాళ్ళ భయం పోయింది, చదువొచ్చింది, షావుకారు లెక్క మేమే చూసుకుంటున్నాం అంటారు. ఆ లాభంలో ఆడపిల్లలకూ వాటా ఉంది. మన తీరంలోనూ కెనడా బాప్టిస్టు మిషన్ జీతమిచ్చి నియమించిన బైబిలు స్త్రీలు మగవాళ్ళు అడుగుపెట్టలేని ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పారు, ప్రార్థన నేర్పారు. గొంతు దక్కింది. బల్ల దగ్గర రొట్టె విరిచే అధికారం మాత్రం చాలాకాలం పాస్టరు గారిదే.

ఆ అధికారం కూడా దక్కిన ఒక సందర్భం మన రాష్ట్రంలోనే ఉంది. 2013 సెప్టెంబరు 30న విజయవాడలో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘానికి ఆమె తొలి మహిళా బిషప్పు. నంద్యాల అధ్యక్ష మండలాన్ని ఆమెకు అప్పగించారు. ఇంగ్లండు చర్చి తన మొదటి మహిళా బిషప్పుకు అభిషేకం చేసింది 2015లో. అంటే ఆ వరసలో నంద్యాల ముందు, లండన్ వెనక. విచిత్రమేమంటే 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరం అని నంద్యాల ఆంగ్లికన్లు మొండికేసి 1975 దాకా బయటే ఉన్నారు. ఆచారానికి గట్టిగా కట్టుబడ్డ చోటే మార్పు ముందు వచ్చింది. ఈమెది కురన్‌బోయికి ఎదురు దారి. ఇక్కడ బిషప్పుగా ఉన్నంతకాలం మాట ఆమెది, సంతకం ఆమెది, గురువుల బదిలీ ఆమె పని. తప్పు జరిగితే నిందా ఆమెదే.

కేథలిక్ సంఘం మాత్రం ఒప్పుకోదు. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదని పోపు రెండో జాన్ పాల్ 1994లో చెప్పారు. అది హోదా తక్కువని అన్న మాట కాదు, క్రీస్తు మగవాళ్ళనే అపొస్తలులుగా ఎంచుకున్నాడు గనక మేం మార్చలేం అన్న వాదం. ఆగమ గుళ్ళ అర్చకులూ దాదాపు ఇలాగే చెబుతారు. అర్చకత్వం పెత్తనం కాదు, దీక్షతో వంశంలో వచ్చే సేవ అంటారు. ఒప్పుకోకపోయినా ఆ వాదాన్ని దాని బలంతోనే తరగతిలో వినిపించాలి. వెక్కిరిస్తే చర్చ అక్కడే చస్తుంది.

ఇక మన అమ్మోరు. సంబరాల్లో ఘటాలు ఎత్తేదీ, ముర్రాటలు పోసేదీ ఆడవాళ్ళు. దేవత ఆడది, మొక్కు ఆడవాళ్ళది. అయినా విజయనగరం పైడితల్లి సిరిమాను మీద అమ్మవారి తరఫున కూర్చునే పూజారి మగవాడు. అక్కడ మగవాడి ఒంట్లో ఆడ దేవత, కొండమీద ఆడమనిషి నోట మగ పితరుడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులకు చెప్పండి.

ఏ మతం తీసుకున్నా విద్యార్థి వెతకాల్సింది మూడే. పలికేది ఎవరి గొంతు, ఆ మాట ఎవరి పేరున చెల్లుతుంది, ఆ మనిషిని ఆ చోట నిలబెట్టిందీ తీసెయ్యగలిగేదీ ఎవరు. జవాబులు పుస్తకాల్లో కన్నా మీ వీధిలో తొందరగా దొరుకుతాయి. మీ ఊరి అమ్మవారి గుడి తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో, అంతకు ముందు ఎవరింట్లో ఉండేదో మీ నాయనమ్మనడిగి ఒక పేజీ రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.