ముద్రించిన తేదీ, ముద్రించని గడువు

2025 జూలై 14 రాత్రి తొమ్మిది గంటలు దాటిన తరువాత మా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపినది జహీరాబాదులోని ఒక యువకుడు. దాని కింద మూడే వాక్యాలు ఉన్నాయి: "చాచా, మామూ పేరున నాంపల్లి కోర్టు నుంచి కాగితం వచ్చింది. పోలీసులు తీసుకుపోతారా? నానీ పొద్దుటినుంచి ఏమీ తినలేదు."

ఇటువంటి ఫొటోలు మాకు కొత్త కాదు. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారం కొందరం ఆబిడ్స్‌లో సాయంత్రం వేళ కలుసుకుంటూ, ఇరుగుపొరుగు వారి కాగితాలు చదివి చెబుతూ ఉంటాము. ఆ రాత్రి వచ్చిన కాగితం మాకు ఒక సంగతిని మళ్లీ గుర్తుచేసింది. కాగితంపై ఇంగ్లీషులో ఉన్నదానిని తెలుగులోకి మార్చి చెప్పినంత మాత్రాన పని పూర్తి కాదు. అన్నిటికంటె ముఖ్యమైన గడువు కొన్నిసార్లు ఆ కాగితం మీద ఉండనే ఉండదు.

ముందుగా కాగితంలో ఉన్నదేమిటో చూద్దాము. పేర్లు, నంబర్లు విడిచిపెట్టి మేము చేసి పంపిన అనువాదం ఇది: "హైదరాబాదు, నాంపల్లి మెజిస్ట్రేటు న్యాయస్థానము. ముద్దాయికి సమన్లు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లోని 138వ సెక్షను కింద మీపై చేయబడిన ఆరోపణకు సమాధానం చెప్పుటకు మీ హాజరు అవసరమైయున్నది. కావున మీరు స్వయముగా గాని, న్యాయవాది ద్వారా గాని 2025 జూలై 28వ తేదీ ఉదయం 10.30 గంటలకు ఈ న్యాయస్థానము ఎదుట హాజరు కావలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఇందులో తప్పరాదు."

చివరి వాక్యమే ఇంటిల్లిపాదినీ భయపెట్టింది. అది సమన్ల నమూనాలో వాడుకగా వచ్చే వాక్యం. అరెస్టు వారంటు కాదు. 138వ సెక్షను అనగా మనవారు చెక్కు బౌన్సు కేసు అనేదే. అది బెయిలు పొందదగిన నేరం. నిరూపణ అయితే రెండేళ్ల వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. సమన్లు అందుకొని వాయిదాకు వెళ్లకపోతేనే వారంటు దాకా వస్తుంది. కనుక ఆ యువకుడి ప్రశ్నకు ఆ రాత్రే జవాబు ఇచ్చాము: "వాయిదాకు హాజరైతే ఎవరూ తీసుకుపోరు. నానీని భోజనం చేయమను."

అయితే కాగితం జహీరాబాదుకు వస్తే కేసు నాంపల్లిలో ఎందుకు? ఆ మామూకు చెప్పుల దుకాణం ఉన్నది. ఆబిడ్స్‌లోని ఒక టోకు వర్తకుని వద్ద సరుకు తెచ్చి 85,000 రూపాయలకు చెక్కు ఇచ్చాడు. ఖాతాలో డబ్బు చాలక అది తిరిగివచ్చింది. 2015లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, చెక్కును ఖాతాలో వేసుకున్నవారి బ్యాంకు శాఖ ఏ న్యాయస్థానం పరిధిలో ఉంటే కేసు అక్కడ నడుస్తుంది. వర్తకుని ఖాతా ఆబిడ్స్‌లో ఉన్నది గనుక కేసు నాంపల్లికి చేరింది.

సమన్లకు ముందు మరొక కాగితం రావలసి ఉన్నది. చెక్కు తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజులలోపు, డబ్బు రావలసినవారు చెక్కు ఇచ్చినవారికి నోటీసు పంపాలి. మనవారు దానిని వకీలు నోటీసు అంటారు. అది అందిన 15 రోజులలో చెక్కు మొత్తం చెల్లిస్తే కేసుకు ఆస్కారమే లేదు. చెల్లించకపోతే ఆ తరువాత ఒక నెలలోపు ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఈ మామూ రెండేళ్ల క్రితం ఇల్లు మారాడు. వకీలు నోటీసు పాత చిరునామాకు వెళ్లి, ఇంటికి తాళం అన్న మాటతో వెనుదిరిగింది. మొదటి కాగితాన్ని ఆయన చూడనే లేదు.

ఇక్కడే కాగితంలో లేని గడువు వస్తుంది. 2007లో సి.సి. అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. సరైన చిరునామాకు తపాలా ద్వారా నోటీసు పంపితే అది అందినట్లే భావించవచ్చును. తలుపు తీయనివారు, తీసుకోవడానికి నిరాకరించినవారు అందలేదని తప్పించుకోలేరు. ఇది మొదటి మాట. ఇక రెండవది: నోటీసు తనకు అందలేదని చెప్పే వ్యక్తి, ఫిర్యాదు ప్రతితోపాటు కోర్టు సమన్లు అందిన 15 రోజులలో చెక్కు మొత్తం చెల్లించి, ఫిర్యాదును తిరస్కరించవలసిందిగా న్యాయస్థానాన్ని కోరవచ్చును. ఆ 15 రోజులూ దాటనిచ్చిన తరువాత నోటీసు అందలేదన్న వాదన నిలవదు.

అంటే ఆ ఇంట రెండు తేదీలు ఉన్నాయి. ఒకటి హాజరు తేదీ, జూలై 28. అది కాగితంపై ముద్రించి ఉన్నది. రెండవది చెల్లింపు గడువు. అది సమన్లు అందిన రోజు నుండి లెక్కకు వస్తుంది. ఆ రోజు ఏదో ఫొటోలో లేదు.

"కాగితం ఎప్పుడు వచ్చింది?" అని అడిగాము. "ఇవాళే చూశాము చాచా" అన్నాడు. చూసిన రోజు వేరు, అందిన రోజు వేరు. మరునాడు ఉదయం వెనుక వైపు ఫొటో తెప్పించాము. అక్కడ చేతివ్రాతలో జూలై 3 అని తేదీ, పక్కన నానీ వేలిముద్ర ఉన్నాయి. కాగితం తెచ్చినప్పుడు కొడుకు దుకాణంలో ఉన్నాడు. ఆమె తీసుకొని, చెప్పడానికి భయపడి, అల్మారాలో బట్టల కింద దాచింది. పదకొండు రోజుల తరువాత మనుమడి కంట పడింది.

ఆడవారు తీసుకున్న సమన్లు చెల్లవని మన ఇళ్లలో ఇప్పటికీ ఒక నమ్మకం ఉన్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, మనిషి దొరకనప్పుడు కుటుంబంలోని వయోజనుడైన పురుషునికి సమన్లు ఇవ్వాలని ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 66వ సెక్షనులో పురుషుడు అన్న మాట లేదు. కలిసి నివసిస్తున్న వయోజన కుటుంబ సభ్యులు ఎవరైనా సరిపోతారు. కనుక నానీ వేలిముద్రతో సమన్లు అందినట్లే.

ఇప్పుడు లెక్క చూడండి. అందిన రోజును మినహాయించి మరునాటి నుండి లెక్కించాలి. జూలై 4 మొదటి రోజు; జూలై 18 పదిహేనవ రోజు. కాగితంపై 28 అని చూసి ఆ కుటుంబం ఇంకా రెండు వారాలు ఉన్నాయనుకున్నది. నిజానికి వారి చేతిలో ఉన్నవి నాలుగు రోజులు.

డబ్బు కట్టమని చెప్పేముందు మేము అడిగిన ప్రశ్న ఒకటే: ఈ బాకీ నిజమేనా? పూచీగా ఇచ్చిన ఖాళీ చెక్కును తరువాత నింపి వేసినా, బాకీ ఇదివరకే తీర్చి ఉన్నా దారి వేరు. అప్పుడు వాయిదాకు హాజరై వాదించుకోవాలి. చెక్కు బాకీ నిమిత్తమే ఇచ్చారని చట్టం ముందుగా భావిస్తుంది గనుక, కాదని చూపే భారం చెక్కు ఇచ్చినవారిదే. రసీదులు, ఖాతా పుస్తకాలు కావాలి. ఈ మామూ మాత్రం "సరుకు తెచ్చినది నిజం, డబ్బు ఇవ్వలేదు" అన్నాడు. చేతిలో 50,000 ఉన్నది. మిగిలినదానికి నానీ గాజులు తాకట్టుకు వెళ్లాయి. 16న వకీలును కలిశారు. 17న వర్తకుని పేరున 85,000 రూపాయలకు డిమాండు డ్రాఫ్టు తీసి, వకీలు ద్వారా అందజేసి, రసీదు తీసుకున్నారు. 28న ఆ రసీదుతో కోర్టుకు వెళ్లారు. వర్తకుడు అభ్యంతరం చెప్పలేదు. కేసు అక్కడితో ముగిసింది.

18వ తేదీ దాటి ఉంటే రాజీకి దారి మూసుకుపోయేది కాదు. ఈ కేసులు ఏ దశలోనైనా రాజీకి వీలైనవే. కాని ఫిర్యాదును తిరస్కరించమని కోరే హక్కు పోయి, రాజీ ఎదుటివారి ఇష్టంపై ఆధారపడేది.

కాబట్టి కాగితం ఫొటో పంపేవారికి మా మనవి. ముందు వైపు ఒక్కటే చాలదు. నాలుగు అంచులూ కనబడేలా ముందు, వెనుక, జతపరచిన ప్రతి పుట, కవరు ఉంటే తపాలా ముద్రతో సహా కవరు పంపండి. ఎవరు తీసుకున్నారో, ఏ రోజు తీసుకున్నారో విడిగా వ్రాసి పంపండి. ఫిర్యాదు ప్రతి జతపరచలేదంటే ఆ సంగతి వకీలుకు మొదటే చెప్పండి. కాగితంపై పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ సైటులో చూస్తే కేసు నిజమో కాదో, వాయిదా ఏనాడో ఉచితంగానే తెలుస్తుంది. చేతివ్రాతలో 28 కాస్తా 23లా కనబడినప్పుడు మేము నమ్మేది దానినే.

వకీలు ఖర్చుకు వెనుకాడే కుటుంబాలకు మరొక మాట. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షనులో ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితా ఉన్నది. మైనారిటీ మతస్థులు అన్న వర్గం అందులో లేదు. మనవారు ఉన్నదనుకొని వెళ్లి నిరాశపడుతున్నారు. కాని స్త్రీలు ఉన్నారు, వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా. చెక్కు ఇంటి ఇల్లాలి పేరున ఉండి సమన్లు ఆమెకు వస్తే, ఉచితంగా వకీలును కోరే హక్కు ఆమెకు ఉన్నది. జాబితాలోని ఇతర వర్గాలకు చెందని పురుషులకు రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

ఇక ప్రభుత్వానికి, న్యాయవ్యవస్థకు మా విన్నపం. 2025 సెప్టెంబరులో సంజబీజ్ తారీ కేసులో సుప్రీంకోర్టు, తొలి దశలోనే చెక్కు మొత్తం చెల్లించే వీలున్నదని సమన్లలోనే స్పష్టంగా పేర్కొనాలని ఆదేశించింది. ఈ కుటుంబానికి వచ్చిన కాగితం అంతకు ముందుది. ఆ వాక్యం రావడం మంచిదే. కాని అది ఇంగ్లీషులోనే ఉంటే, కాగితం అందుకున్న నానీకి ఏమి ప్రయోజనం? 2017లో శాసనం చేసి ఉర్దూను తెలంగాణ అంతటా రెండవ అధికార భాషగా ప్రకటించారు. తెలుగు మొదటి భాషే. కింది న్యాయస్థానాల భాషను నిర్ణయించే అధికారం చట్టరీత్యా రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. సమన్ల అడుగున తెలుగులోను, ఉర్దూలోను మూడు వాక్యాలు ముద్రించమని మేము కోరుతున్నాము: ఇది అరెస్టు ఉత్తర్వు కాదు, ఫలానా తేదీన హాజరు కావాలి, ఈ కాగితం అందిన రోజును గుర్తుపెట్టుకోండి, కొన్ని హక్కులకు గడువు ఆ రోజు నుండే మొదలవుతుంది.

ఆ మూడు వాక్యాలను ఎవరైనా చదివి వినిపించి ఉంటే, నానీ ఆ కాగితాన్ని బట్టల కింద దాచేది కాదు.