గట్టిగా పీల్చడం కాదు, మెల్లగా వదలడం

గుండె దడదడలాడుతూ చేతులు వణుకుతూ ఎవరైనా కూలబడితే, చుట్టూ చేరినవాళ్లు మొదట అనే మాట ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని. వచ్చింది పానిక్ అటాక్ అయితే ఈ సలహా మేలు చేయకపోగా చెరుపు చేస్తుంది. ఆ మనిషి అప్పటికే ఒంటికి కావలసినదానికంటే ఎక్కువ గాలి పీలుస్తున్నాడు. ఇంకా పీల్చమంటే బాధ ఇంకా పెరుగుతుంది.

ఈ సంగతి విడమరిచి చెప్పే కాగితం పేషెంటు చేతికి అందడం అరుదు. ఈసీజీ కాగితం ఇస్తారు, గ్యాస్ మాత్ర రాస్తారు, ‘ఏమీ లేదు, టెన్షన్ పడకండి’ అని పంపేస్తారు. చచ్చిపోతున్నానని భయపడి వచ్చిన మనిషికి ‘ఏమీ లేదు’ అన్నది జవాబు కాదు. మరి ఆ దడ ఎందుకొచ్చింది, వేళ్లెందుకు తిమ్మిరెక్కాయి అన్న ప్రశ్న అతనితోపాటే ఇంటికి వెళుతుంది.

ఇలాంటి పేషెంటు ఒకరిని ఊహించుకుందాం. ముప్పై ఏళ్ల అకౌంటెంటు, ఉద్యోగానికి రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో వెళ్లి వస్తుంటాడు. ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసి ఉంది. మధ్యాహ్నం సరిగా తినలేదు, కాఫీలు మాత్రం మూడు పడ్డాయి. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి గుండె వేగం పెరిగింది. ఛాతీ పట్టేసినట్టయింది, ఊపిరి చాలడం లేదనిపించింది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. కళ్లు తిరిగాయి. హార్ట్ ఎటాకే అనుకుని బస్సు దిగి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఈసీజీ, రక్తపరీక్షలు, షుగర్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆక్సిజన్ 99 శాతం చూపించింది.

ఊపిరాడక చచ్చిపోతున్నానని అనుకున్న మనిషి రక్తంలో ఆక్సిజన్ 99 శాతం ఉండటమే ఇక్కడ అసలు కిటుకు. వేగంగా, గట్టిగా పీల్చినప్పుడు ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది ముందే నిండుగా ఉంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. అది వ్యర్థ వాయువేనని బడిలో చదువుకున్నాం గానీ, రక్తంలో అది కొంత ఉండి తీరాలి. మరీ తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, అందుకే తల తిరుగుతుంది. రక్తంలో ఆమ్ల–క్షార సమతుల్యత మారి, నరాలకు అందే కాల్షియం తగ్గుతుంది, అందుకే తిమ్మిర్లు. ఒక్కోసారి వేళ్లు కొంకర్లు కూడా పోతాయి. ఛాతీ కండరాలు అదే పనిగా శ్రమించడంతో నొప్పి పుడుతుంది. ప్రతి లక్షణానికీ ఒక కారణం ఉంది. ఏదీ కల్పన కాదు, నటన అసలే కాదు.

మరి ఇంత ఉధృతి దేనికి? 1986లో ఇంగ్లండుకు చెందిన మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది, కాఫీ వల్ల దడ అనుకుందాం. దాన్ని మనిషి ప్రాణాపాయంగా అర్థం చేసుకుంటాడు. భయంతో అడ్రినలిన్ పెరుగుతుంది, దడ ఇంకా హెచ్చుతుంది. హెచ్చిన దడ తన అనుమానానికి రుజువుగా కనిపిస్తుంది. ఈ చక్రం కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది.

మాటలతో నమ్మకం కుదరని పేషెంటుకు కొందరు డాక్టర్లు చేయించి చూపిస్తారు. తమ ఎదుటే కూర్చోబెట్టి ఒక నిమిషం పాటు వేగంగా, లోతుగా పీల్చి వదలమంటారు. అవే తిమ్మిర్లు, అదే తల తిరుగుడు వస్తాయి. మామూలుగా ఊపిరి తీసుకోగానే తగ్గిపోతాయి. గుండె జబ్బు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవాళ్లతో, గర్భిణులతో ఇది చేయించరు. ఎవరూ ఇంట్లో సొంతంగా ప్రయత్నించకూడదు.

పేషెంటు చేతికి ఇవ్వవలసిన కాగితంలో ఉండాల్సిన శ్వాస అభ్యాసం ఇదీ. కుర్చీలో ఆనుకుని కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకోవాలి. ముందుగా ఊపిరి మెల్లగా వదలాలి. తర్వాత నోరు మూసి, ముక్కుతో మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చాలి. మామూలుగా పీల్చేంత గాలి చాలు, ఛాతీ నిండా పట్టించనక్కర్లేదు. పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. ఆపకుండానే ఆరు లెక్కపెడుతూ వదలాలి. అంటే ఒక ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు. ఇలా అయిదు నిమిషాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తల తేలిపోతున్నట్టు అనిపిస్తే గాలి ఎక్కువ పీలుస్తున్నట్టు లెక్క, పరిమాణం తగ్గించాలి. ఊపిరి బిగబట్టినట్టు ఉంటే మూడు–నాలుగుతో మొదలుపెట్టొచ్చు. ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడు వారాలు చేసి అలవాటు పడాలి. ఈత మునిగేటప్పుడు నేర్చుకునేది కాదు కదా. ఇక కాగితపు సంచిలో ఊపిరి తీసుకునే పాత చిట్కాను వదిలేయాలి. అసలు సమస్య గుండెదో, ఊపిరితిత్తులదో అయితే అది ఉన్న ఆక్సిజన్‌ను కూడా తగ్గించి ప్రాణం మీదికి తెస్తుంది.

అయితే శ్వాస ఒక్కటే మందు అనుకోవడమూ పొరపాటే. 2000లో అమెరికాలో నార్మన్ ష్మిట్ బృందం పానిక్ చికిత్సలోంచి శ్వాస శిక్షణను తీసేసి చూస్తే, ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ‘ఊపిరి అదుపు చేయకపోతే చచ్చిపోతాను’ అన్న ఆలోచనతో చేస్తే అభ్యాసమే భయానికి ఊతకర్ర అవుతుంది. మన అకౌంటెంటు సంగతే చూడండి. రెండోసారి అటాక్ వచ్చాక బస్సు మానేశాడు, నీళ్ల సీసా లేనిదే గడప దాటడు, గంటకోసారి నాడి పట్టుకుని చూసుకుంటాడు. అటాక్ కంటే ఇవే అతన్ని ఎక్కువగా కట్టిపడేశాయి. కాబట్టి కాగితంలో రెండో సగం బస్సు గురించే ఉండాలి. మొదట తోడుతో రెండు స్టాపులు, తర్వాత ఒంటరిగా రెండు స్టాపులు, ఆ తర్వాత మంగళగిరి దాకా. దడ వచ్చినా మధ్యలో దిగిపోకుండా, అది పెరిగి తగ్గేదాకా కూర్చోవాలి. తగ్గుతుందని ఒంటికి తెలిసేది అలాగే.

ఎప్పుడు పానిక్ అని సరిపెట్టుకోకూడదో కూడా అందులోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పిని పరీక్ష చేయించకుండా వదలకూడదు. నడిస్తే, మెట్లెక్కితే వచ్చే నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, స్పృహ తప్పడం, బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో కొత్తగా వచ్చిన ఆయాసం, ఇవన్నీ 108కి ఫోన్ చేయవలసినవి. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ తప్పడం కూడా పానిక్ వేషం వేస్తాయి, డాక్టరు వాటినీ చూడాలి.

అటాకులు మళ్లీ మళ్లీ వస్తూ, వస్తాయేమోనన్న భయం నెలకు పైగా వెంటాడితే కాగితం చాలదు. ఆలోచననూ ప్రవర్తననూ సరిదిద్దే కౌన్సెలింగ్ ఉంది, ఎస్ఎస్ఆర్ఐ రకం మందులూ ఉన్నాయి. ఈ మందులు పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో ఆందోళన కాస్త పెరగొచ్చని ముందే చెప్పకపోతే పేషెంటు మూడో రోజే మానేస్తాడు. తక్షణం హాయినిచ్చే ఆల్ప్రజోలామ్‌ను నెలల తరబడి మింగితే అలవాటుగా మారుతుంది, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇదంతా ఒక్క కాగితంలో రెండు వైపులా పడుతుంది. చదవలేనివాళ్లకు నర్సు చదివి వినిపించి, శ్వాస అభ్యాసం ఒకసారి ఎదుటే చేయించడానికి పది నిమిషాలు చాలు. అడుగున ఒక గీత ఖాళీగా ఉంచి, రెండు వారాల తర్వాత మళ్లీ రావలసిన తేదీని డాక్టరే తన చేత్తో రాయాలి.