గీత పొడవు కాదు, గీత పేరు చూడండి

ఆరోగ్య పత్రికల్లోను, మందుల కంపెనీల కరపత్రాల్లోను, ఆసుపత్రి గోడల మీది పోస్టర్లలోను ఫలితాల పటాలు మనకు తరచు కనబడుతుంటాయి. ఒక్కొక్క దిమ్మె కొసన పైకీ కిందకీ సాగిన చిన్న నిలువు గీత ఉంటుంది. దానిని ఎర్రర్ బార్ అంటారు. పేరులో ఎర్రర్ ఉన్నా, అది ఎవరో చేసిన తప్పును చూపే గీత కాదు. చిక్కేమిటంటే, చూడటానికి ఒకేలా ఉండే ఈ గీత మూడు వేరువేరు సంగతులలో దేనినైనా చెప్పవచ్చు. అది ఏమిటో కింద రాయని పటాన్ని చూసి ఎవరూ ఒక నిర్ణయానికి రాకూడదని మా అభిప్రాయం.

లెక్క సులువుగా ఉండేందుకు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుడివాడ, అవనిగడ్డ వైపు పల్లెల్లో ఎనిమిదో నెల గర్భిణులు 100 మందికి హిమోగ్లోబిన్ పరీక్ష చేశారు. సగటు 11.4 గ్రాములు వచ్చింది. ఆ నెలల్లో 11 గ్రాములకు తక్కువైతే రక్తహీనత అంటారు.

తల్లుల మధ్య హెచ్చుతగ్గులు ఎంతో చెప్పేది స్టాండర్డ్ డీవియేషన్. అది 1.5 అనుకుందాం. అప్పుడు గీత 9.9 నుండి 12.9 వరకు ఉంటుంది. మామూలుగా నూటికి సుమారు 68 మంది తల్లులు ఈ గీత లోపల ఉంటారు.

రెండవది స్టాండర్డ్ ఎర్రర్. ఇది తల్లుల గురించి కాదు, సగటు గురించి చెబుతుంది. మరో 100 మందిని తీసుకుంటే సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో తెలుపుతుంది. 1.5ను 100 యొక్క వర్గమూలమైన 10తో భాగిస్తే 0.15 వస్తుంది. గీత 11.25 నుండి 11.55 వరకే.

మూడవది 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. ఇది స్టాండర్డ్ ఎర్రర్‌కు దాదాపు రెండింతలు అటూ ఇటూ తీసిన గీత, అంటే 11.1 నుండి 11.7 వరకు. ఇలాంటి సర్వేను 100 సార్లు చేసి ప్రతిసారీ ఇలా గీత గీస్తే, వాటిలో సుమారు 95 గీతలలో అసలు సగటు ఉంటుంది.

ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ మూడవ గీతను చూసి, అది పూర్తిగా 11కు పైనే ఉంది కనుక తల్లులందరూ క్షేమమే అనుకుంటే పొరపాటు. మొదటి గీత ప్రకారం లెక్క వేస్తే ఆ 100 మందిలో దాదాపు 40 మందికి రక్తహీనత ఉంటుంది. కాలువ సగటు లోతు మొలబంటి అని విని పిల్లవాడిని దిగనివ్వం కదా!

ఇప్పుడు మరో 100 మంది సగటు 11.0 అని, హెచ్చుతగ్గులు అంతే అని అనుకుందాం. స్టాండర్డ్ ఎర్రర్ గీతలు వేస్తే రెండు గుంపుల గీతలు ఒకదానికొకటి తగలవు. చూసేవారికి తేడా ఖాయమనిపిస్తుంది. కాని రెండు సగటుల తేడా 0.4కు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కడితే, అది సున్నాకు కాస్త కిందనుండి 0.8 దాకా వస్తుంది. అంటే తేడా ఉందని ఇంకా గట్టిగా చెప్పలేము. పొట్టి గీతలు అమ్మకందారుకు అనుకూలం. అందుకే పేరు లేని పొట్టి గీతను అనుమానించాలి.

పేరు రాయకపోతే ఒక ఉపాయం ఉంది. పరీక్షించినవారి సంఖ్య చూసి, దాని వర్గమూలంతో గీత సగం పొడవును గుణించండి. పై పటంలో 0.15ను 10తో గుణిస్తే 1.5 వస్తుంది. హిమోగ్లోబిన్ విషయంలో మనుషుల మధ్య హెచ్చుతగ్గులు ఇంచుమించు అంతే ఉంటాయి కనుక అది స్టాండర్డ్ ఎర్రర్ అయి ఉంటుంది. 100 మంది హిమోగ్లోబిన్ 0.15 తేడాలోనే ఉండటం జరిగే పని కాదు. ఎంతమందిని పరీక్షించారో కూడా రాయకపోతే ఈ ఉపాయం పనిచేయదు.

సరిగా చెప్పే పద్ధతికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థవారు హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మందిని పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. అంధత్వం 1.84 శాతమని, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 1.49 నుండి 2.19 వరకు అని రాశారు. సంఖ్య, గీత పేరు, దాని హద్దులు మూడూ ఉన్నాయి. అప్పటి రాష్ట్రంలో అంధత్వం ఎంతో అంచనా వేయడానికి ఆ గీత పనికివస్తుంది. ఒక వ్యక్తి చూపు గురించి అది ఏమీ చెప్పదు.

కనుక ఎవరైనా పటం చూపించి మందు కొనమంటే రెండు ప్రశ్నలు అడగండి. ఎంతమందిని పరీక్షించారు? ఈ గీత మనుషుల హెచ్చుతగ్గులదా, సగటు నిలకడదా? జవాబు రాకపోతే ఆ పటాన్ని పక్కన పెట్టి మీ డాక్టరుగారిని అడగండి.