ట్రాక్టర్‌కు టాప్ చాలదు, చట్రం కావాలి

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో, పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో బోల్తా పడింది. 15 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ మహిళలే. అంతకు రెండున్నర నెలల ముందే నల్లగొండ జిల్లాలో మరో ట్రాక్టర్ కాలువలో పడి, మిరప కోతకు వెళ్తున్న మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ చర్చ డ్రైవర్ నిర్లక్ష్యం దగ్గరే ఆగిపోతుంది. కానీ చిన్న పొరపాటు ప్రాణాంతకంగా మారడానికి కారణం ట్రాక్టర్ నిర్మాణంలోనే ఉంది.

ట్రాక్టర్‌కు నాలుగు చక్రాలున్నా, పక్కకు ఒరిగే విషయంలో అది మూడు కాళ్ల పీటలాంటిది. ఎగుడుదిగుడు దుక్కిలో నాలుగు చక్రాలూ నేలను తాకుతూ ఉండాలని ముందు ఇరుసును మధ్యలో ఒక్క పిన్నుపై ఊగేలా బిగిస్తారు. అందువల్ల ఒక హద్దు వరకు ముందు చక్రాలు పక్కకు పడిపోకుండా ఆపలేవు. ఆధారమంతా రెండు వెనక చక్రాలు, ముందున్న ఆ పిన్ను కలిసిన త్రిభుజమే. పైగా నేలకు, అడుగు భాగానికి మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి గరిమనాభి కూడా ఎత్తులో ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు, గరిమనాభి ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుంటే, కదలకుండా నిలిచిన ట్రాక్టర్ సుమారు 35 డిగ్రీల వాలు దాటితే పడిపోతుంది. ఇది చాలా పెద్ద వాలే కదా అనిపించవచ్చు. అయితే అదే ట్రాక్టర్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, 6 మీటర్ల వ్యాసార్థమున్న మలుపు తిరిగితే, ఆ మలుపే దాదాపు 16 డిగ్రీల వాలుతో సమానం. అప్పుడే బయటి వైపు వెనక చక్రం కట్ట అంచున 30 సెంటీమీటర్లు దిగబడితే మరో 12 డిగ్రీలు కలుస్తాయి. మొత్తం 28. ఇంకా కాస్త మిగిలి ఉంది. వేగం 20 కిలోమీటర్లైతే మలుపు ఒక్కటే 28 డిగ్రీలకు సమానమవుతుంది, గుంతతో కలిపి 40. ట్రాక్టర్ పడిపోతుంది. పెరిగింది 5 కిలోమీటర్ల వేగమే అయినా, పక్కకు తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది.

ఇంకో చిక్కు బ్రేకులది. దుక్కిలో చిన్న మలుపు తిరగడానికి కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు పెడళ్లు ఉంటాయి. పొలం నుంచి రోడ్డెక్కేటప్పుడు ఆ రెండింటినీ కలిపే లాక్ వేయకపోతే, కంగారులో ఒకే పెడల్ మీద కాలు పడి బండి ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది.

బోల్తా మొదలయ్యాక దూకి తప్పించుకోవచ్చన్నది భ్రమ. ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి తిరగబడేటప్పుడు, ముప్పావు సెకనులోనే బండి అదుపు దాటిపోతుంది. అందుకే పడిపోయినా మనిషి నలగకుండా చూసే ఏర్పాటు కావాలి. సీటు వెనక ఉండే ఉక్కు రక్షణ చట్రం పని అదే. అది ట్రాక్టర్‌ను చాలావరకు పూర్తిగా తలకిందులు కానివ్వదు, డ్రైవర్ చుట్టూ కొంత చోటు మిగులుస్తుంది. సీటు బెల్టు లేకపోతే డ్రైవర్ ఆ చోటు నుంచి బయటకు విసిరివేయబడి, అదే చట్రం కింద నలగవచ్చు. చట్రం లేని ట్రాక్టర్‌లో మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, అది మనిషిని బండి కిందే కట్టిపడేస్తుంది. ఎండ కోసం వేసే టాప్, ఊళ్లో వెల్డింగ్ చేయించిన పైపు చట్రానికి ప్రత్యామ్నాయం కావు. బోల్తా పడే బరువును అవి మోస్తాయో లేదో ఎవరూ పరీక్షించలేదు.

చట్రం కాపాడేది ఒక్కరినే. మడ్‌గార్డు మీద కూర్చోబెట్టిన పిల్లవాడికి అందులో చోటు లేదు. చిన్న కుదుపుకు జారినా పడేది వెనక చక్రం ముందే. ట్రాలీలోని కూలీలకూ ఆ చట్రం అక్కరకు రాదు. వారికి ఉన్న రక్షణ ఒక్కటే, సరుకుల ట్రాలీ ఎక్కాల్సిన అవసరం లేకుండా కూలీలకు వేరే వాహనం ఏర్పాటు చేయడం.

స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది, తర్వాత పాతవాటికీ విస్తరించింది. అక్కడ బోల్తా మరణాలు దాదాపు కనుమరుగయ్యాయి. మన దగ్గర ఈ చట్రాలకు భారతీయ ప్రమాణం ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. ట్రాక్టర్ రాయితీకి చట్రం, బెల్టు షరతు కావాలి. పాత ట్రాక్టర్లకు మోడల్ వారీగా పరీక్షించిన చట్రాలను రాయితీపై అమర్చాలి. డ్రైవర్‌ను జాగ్రత్తగా నడపమనడం అవసరమే. కానీ కట్ట అంచు విరిగినప్పుడు అతని ప్రాణాన్ని నిలబెట్టేది ఆ ఉక్కు చట్రమే.