ఎవరికీ ఏమీ కాలేదు... మరి రిపోర్టులో ఏం రాయాలి?

బిల్డింగ్ సైట్లలో సేఫ్టీ ఆడిట్‌కి వెళ్లినప్పుడు నేను మొదట అడిగేది ప్రమాదాల రిజిస్టర్ కాదు. బరువులు జారినవి, తాళ్లు తెగినవి, హుక్కు ఊడినవి రాసిన పుస్తకం అడుగుతాను. ఏడాదిగా క్రేన్ తిరుగుతున్న సైట్‌లో ఆ పుస్తకం ఖాళీగా ఉందంటే అక్కడ ఏమీ జరగలేదని కాదు, జరిగింది ఎవరూ రాయలేదని అర్థం.

ఈ మధ్య హైదరాబాద్ పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఆ పుస్తకంలో ఒకే ఒక్క ఎంట్రీ కనిపించింది. ఆరు లైన్లు. "మధ్యాహ్నం 1.10కి ఆరో అంతస్తుకు బీములు ఎత్తుతుండగా బెల్టు పాతబడినందున తెగి లోడు కింద పడినది. ఎవరికీ గాయాలు కాలేదు. బెల్టు మార్చినాము. ఖలాసీని హెచ్చరించినాము." కింద సంతకం.

చదవడానికి బాగానే ఉంది. కానీ ఇందులో బరువెంతో లేదు, ఎంత ఎత్తు నుంచి పడిందో లేదు, ఎక్కడ పడిందో లేదు. బరువు తెలుసుకోడానికి క్రేన్ డిస్‌ప్లే కూడా అక్కర్లేదు. ఎత్తినవి 250 మిల్లీమీటర్ల ఐ బీములు, ఆరు మీటర్లవి, నాలుగు. మీటరుకి 37.3 కిలోలు. లెక్క కడితే దాదాపు 900 కిలోలు. పడింది 18 మీటర్ల నుంచి. అంటే నేలను తాకడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, తాకేటప్పటికి వేగం గంటకి 68 కిలోమీటర్ల దాకా ఉంటుంది. "తప్పుకోండి" అని అరిచే లోపలే అయిపోతుంది.

తర్వాత కారణం. "బెల్టు పాతబడి తెగింది" నిజమేనా? ఆ బీములను రెండు ఆకుపచ్చ పాలిస్టర్ బెల్టులతో ఉరి వేసి ఎత్తారు. ఆకుపచ్చ రంగు అంటే రెండు టన్నుల బెల్టు. ఉరి వేస్తే బలం 80 శాతానికి తగ్గుతుంది. బెల్టులు ఏటవాలుగా ఉన్నందుకు ఇంకొంత తీసేసినా, రెండూ కలిపి రెండున్నర టన్నుల పైనే మోయాలి. 900 కిలోలకు తెగే పని లేదు.

అదృష్టవశాత్తూ తెగిన బెల్టును పారేయలేదు, స్టోరు వెనకాల పడి ఉంది. తెప్పించి చూశాను. బరువు మోయలేక తెగిన బెల్టు చివర దూది పీకినట్టు, పీచు పీచుగా ఉంటుంది. ఎండకు పాడైందైతే రంగు వెలిసి, బిరుసెక్కి, పైన నూగు లేస్తుంది. ఇది ఆ రెండు రకాలూ కాదు. వెడల్పులో మూడొంతులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. చివరి ఒక్క అంగుళమే పీచులా చిరిగింది. అంటే బీము అంచు బెల్టును కోసేసింది, మిగిలిన ఆ అంగుళం బరువు మోయలేక తెగింది. ఒక పక్క ఊడగానే లోడు ఒరిగి రెండో బెల్టులోంచి జారిపోయింది.

అంచు కోయకుండా మధ్యలో మెత్త పెట్టాలి. దానికి ప్రత్యేకంగా మూలల ముక్కలు వస్తాయి. కనీసం నిలువునా చీల్చిన ప్లాస్టిక్ పైపు ముక్కైనా కావాలి. లోడు కట్టిన కుర్రాడిది జార్ఖండ్. మేస్త్రీని, సూపర్‌వైజర్‌ని బయటికి పంపి విడిగా అడిగితే చెప్పాడు: ముక్కలు స్టోర్‌లో ఉన్నాయి, ఒంటి గంటకి స్టోర్‌కీపర్ తాళం వేసి భోజనానికి వెళ్లాడు, పైన వెల్డర్లు బీముల కోసం తొందర పెడుతున్నారు. రిపోర్ట్‌లో ఇతనికే హెచ్చరిక!

ఆ తర్వాత బెల్టులు తగిలించే స్టాండు దగ్గరికి వెళ్లాను. పద్నాలుగు బెల్టులుంటే ఐదింటికి అంచుల్లో కోతలున్నాయి. అంటే ఈ తప్పు ఆ రోజుది కాదు, రోజూ జరుగుతోంది. ఒక్క బెల్టు మార్చి ఫైల్ మూసేస్తే మిగతా ఐదూ అలాగే లోడు ఎత్తుతుంటాయి.

ఇంతకీ ఎవరికీ ఎందుకు ఏమీ కాలేదు? నేను ఇదే అడిగితే మేస్త్రీ నవ్వాడు. "ఏం కాలే సార్, అందరూ తినడానికి పోయిన్రు." లోడు పడిన చోటు రాడ్లు వంచే యార్డు నుంచి టాయిలెట్లకు వెళ్లే దారి. అడ్డుగా తాడు లేదు, మనిషిని నిలబెట్టలేదు. ఒక బీము మట్టిలో అడుగున్నర దిగింది. పది నిమిషాల ముందు ఆ దారిలోనే యార్డు వాళ్లు పదకొండు మంది భోజనానికి వెళ్లారని గేటు రిజిస్టర్ చూపించింది. వాళ్లను కాపాడింది ఏర్పాటు కాదు, గడియారం. అలాంటప్పుడు ఆడిట్‌లో దాన్ని "స్వల్ప సంఘటన" అని రాయను. ప్రాణం పోయి ఉంటే ఏ వరుసలో పెట్టేవాళ్లమో ఆ వరుసలోనే పెడతాను.

చట్టమూ అదే చెబుతుంది. భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనల్లో ఎత్తే పరికరాలు విఫలం కావడం, తాళ్లు తెగడం, ఎత్తు నుంచి వస్తువులు పడటం "ప్రమాదకర సంఘటనలు". ఎవరికైనా దెబ్బ తగిలినా తగలకపోయినా ఇన్‌స్పెక్టర్‌కి తెలపాలి. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కూడా గాయంతో పని లేకుండా ఇలాంటి వాటికి నోటీసు ఇవ్వాలనే ఉంది. "గాయాల్లేవు కదా, ఎందుకు చెప్పడం" అనే మాటకు అక్కడ చోటు లేదు.

సైట్‌లో ఉండే సూపర్‌వైజర్లకు, ఇంజనీర్లకు నేను చెప్పేది ఇదీ. లోడు పడగానే క్రేన్ ఆపి, ఆ చోటు చుట్టూ తాడు కట్టండి. దేన్నీ కదపకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తెగిన బెల్టు, దాని లేబుల్ రెండూ ఒక సంచిలో వేసి తేదీ రాసి తాళం వేయండి. సగం నిజం దానిలోనే ఉంటుంది. ఆపరేటర్, సిగ్నల్‌మేన్, లోడు కట్టిన వాడు, ముగ్గురితోనూ ఆ షిఫ్టు ముగిసేలోపే విడివిడిగా మాట్లాడండి. మర్నాటికి ముగ్గురి కథా ఒకటైపోతుంది. చెప్పినవాడికి జరిమానా వేయకండి. వేస్తే తర్వాతి సారి చెప్పేవాడు ఉండడు.

"హెచ్చరించినాము" అన్నది చర్య కాదు. ఆ సైట్‌లో చివరికి రాయించినవి నాలుగు: ఇనుప బీములకు బెల్టులు బదులు చెయిన్లు, మెత్త ముక్కలు స్టోర్‌లో కాక బెల్టుల స్టాండుకే తగిలించడం, టాయిలెట్ల దారి క్రేన్ తిరిగే మేర నుంచి అవతలికి మార్చడం, కోతలున్న ఐదు బెల్టులూ ఎవరూ మళ్లీ తీసుకోకుండా ముక్కలు చేసి పారేయడం. ప్రతిదానికీ ఒక పేరు, ఒక తేదీ. నెల తర్వాత వెళ్లి కాయితాలు అడగలేదు, గంటసేపు నిలబడి లోడ్లు ఎత్తడం చూశాను. చెయిన్లు వచ్చాయి, ముక్కలు స్టాండుకి వేలాడుతున్నాయి. దారి మాత్రం ఇంకా మారలేదు. తేదీ దాటిందని ఎర్ర సిరాతో రాసి వచ్చాను.

రిపోర్ట్ ఫారంలో "గాయపడినవారు: ఎవరూ లేరు" అనే గడి ఎలాగూ ఉంటుంది. దాని కిందే ఇంకో గడి చేర్చమని ఆ సైట్‌వాళ్లకు చెప్పాను: "పది నిమిషాల ముందు ఇక్కడ ఎవరున్నారు?"