చందా పోస్టర్‌లో కొత్త క్యూఆర్

వినాయక చవితి కమిటీలో కోశాధికారి మారగానే పాత చందా పోస్టర్‌పై కొత్త క్యూఆర్ అతికిస్తారు. అతికించడం తేలికే, చెడేది అంచుల దగ్గర. కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లని ఖాళీ ఉండాలి. బంతిపూల బోర్డర్ అందులోకి చొరబడితే ఫోన్‌కు కోడ్ ఎక్కడ మొదలైందో తెలియదు. 29 గడుల కోడ్‌కు ఖాళీతో కలిపి 37 గడులు. గడికి 6 పిక్సెళ్లిస్తే 222 పిక్సెళ్ల చతురస్రం చక్కగా కుదురుతుంది. పాతది 200 ఉందని కొత్తదాన్ని అందులోకి నొక్కేస్తే గడులు ఎగుడుదిగుడై అంచులు మసకబారతాయి. నా మాటైతే, కోడ్‌ను కాదు, దానికిచ్చే చోటును మార్చండి. ఎడిటింగ్ తెర మీద స్కాన్ అయిందని సంబరపడొద్దు. వాట్సాప్‌లో పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. అలా చేరిన కాపీనే రెండు వేర్వేరు ఫోన్లతో, వాటిలో ఒకటి పాతదై ఉండేలా, స్కాన్ చేయాలి. ఫ్లెక్సీ వేయిస్తుంటే జనం నిలబడే దూరం నుంచీ చూడాలి. అప్పుడూ పని సగమే. పాత కోడ్ మారకుండా మిగిలిపోయినా స్కాన్ అవుతుంది! కాబట్టి యాప్‌లో వచ్చిన పేరు చదివి, ఒక్క రూపాయి పంపి, అది అందిందో లేదో కొత్త కోశాధికారిని అడగాలి.